సగటు కరెక్టే, ఫోన్లు మాత్రం ఆగలేదు: క్వాంటైల్ రిగ్రెషన్ మీద ఒక కేస్ స్టడీ

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట పార్సిల్ డెలివరీ టైమ్ చెప్పే మోడల్ ఒకటి ఉండేది. ఆర్డర్ పెట్టగానే యాప్‌లో "ఇన్ని నిమిషాల్లో వస్తుంది" అని కనిపించే నంబర్ దాన్నుంచే వచ్చేది. మామూలు లీనియర్ రిగ్రెషన్. దూరం, టైమ్, హబ్‌లో అప్పటికి పెండింగ్‌లో ఉన్న ఆర్డర్లు, అంతే. నెలాఖరుకి లెక్క తీస్తే మేం చెప్పిన టైమ్‌ల సగటూ నిజంగా పట్టిన టైమ్‌ల సగటూ దాదాపు ఒక్కటే. మేం చంకలు గుద్దుకుంటుంటే కస్టమర్ కేర్ చూసుకునే అక్క మా బల్ల దగ్గరికి వచ్చి, "మీ మోడల్ కరెక్టే అంటున్నారు కదా బాబూ, మరి నా ఫోన్లు ఎందుకు ఆగట్లేదు?" అంది.

ఆమె అడిగింది న్యాయమే. పార్సిల్ పది నిమిషాలు ముందొస్తే ఫోన్ చేసి థాంక్స్ చెప్పేవాళ్లెవరూ ఉండరు, పది నిమిషాలు లేటయితే మాత్రం ఫోన్ వస్తుంది. పైగా డెలివరీ టైమ్‌లు రెండు వైపులా ఒకేలా పరుచుకోవు. ఎంత తొందరగా వెళ్లినా ఒక హద్దు ఉంది, లేటుకి హద్దు లేదు: లిఫ్ట్ పనిచేయదు, అడ్రస్ దొరకదు, వాన పడుతుంది. మా మోడల్ తప్పేమీ చెప్పలేదు, తననడిగిన సగటునే చెప్పింది. కస్టమర్‌కి కావలసింది "ఇంతలోపు దాదాపు ఖాయంగా వస్తుంది" అనే మాట. అది సగటు కాదు, పై అంచు.

ఆఫీసు డేటా బయట పెట్టలేను. అందుకని ఆ పనిలో నాకు ఎదురైన చిక్కులన్నీ ఎవరైనా తమ మెషీన్‌లో వేసి చూసుకోగలిగే డేటా మీద చెబుతాను. మధ్యమధ్యలో మా ఆఫీసు కథ వస్తూ ఉంటుంది.

ముందు ఐదు నంబర్లు

ఐదు డెలివరీలు అనుకోండి: 20, 22, 25, 30, 90 నిమిషాలు. సగటు 37.4. ఐదింట్లో నాలుగు దానికంటే ముందే వచ్చేశాయి, ఆ 90 ఒక్కటే సగటుని పైకి లాగింది. వరసలో నడిమిది, అంటే మీడియన్, 25.

మామూలు రిగ్రెషన్ తేడాల వర్గాల మొత్తాన్ని తగ్గిస్తుంది, అందుకే సగటు దగ్గర ఆగుతుంది. వర్గాలు తీసేసి తేడాల సైజు మాత్రమే కూడితే మీడియన్ దగ్గర ఆగుతుంది. ఇంకో అడుగు వేసి, పైవైపు తేడాకి ఒక రేటు, కిందవైపు తేడాకి ఇంకో రేటు పెడితే మనం అడిగిన క్వాంటైల్ దగ్గర, అంటే డేటాలో మనం అడిగినంత వాటా తన కింద ఉండే నంబర్ దగ్గర, ఆగుతుంది. పద్ధతి మొత్తం ఈ ఒక్క ఆలోచనే. ఈ లెక్కని పిన్‌బాల్ లాస్ అంటారు:

```
u = నిజం - అంచనా
u >= 0 అయితే  τ * u
u <  0 అయితే  (1 - τ) * |u|
```

τ అంటే మనకి కావలసిన క్వాంటైల్. 0.9 పెట్టామనుకోండి, తక్కువ చెప్పి దొరికిపోతే నిమిషానికి 0.9 జరిమానా, ఎక్కువ చెబితే నిమిషానికి 0.1. మన ఐదు నంబర్లకి ఒకే అంచనా ఇవ్వాలంటే ఏది చవకో చూద్దాం. 30 అని చెబితే మొదటి మూడింటికీ కలిపి 23 నిమిషాలు ఎక్కువ చెప్పాం, జరిమానా 2.3, చివరిదానికి 60 నిమిషాలు తక్కువ చెప్పాం, జరిమానా 54, మొత్తం 56.3. సగటు 37.4 చెబితే 52.6. 90 చెబితే నాలుగింటికీ కలిపి 263 నిమిషాలు ఎక్కువ చెప్పినట్టు, అయినా జరిమానా 26.3 మాత్రమే. కాబట్టి 90 గెలుస్తుంది.

ఐదు పాయింట్లతో 90 శాతం క్వాంటైల్ అడిగితే వచ్చేది అన్నిటికంటే పెద్ద నంబరే, అందులో తెలివేమీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తోక దగ్గరికి, అంటే డేటా చివరి అంచుకి వెళ్లినప్పుడు మళ్లీ అడ్డం తగులుతుంది.

బెల్జియం కార్మికుల ఇళ్లు

ఇప్పుడు అసలు కేసు. జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు చూసి, ఆదాయం పెరిగేకొద్దీ తిండికి పోయే వాటా తగ్గుతుందని చెప్పాడు. ఎకనామిక్స్‌లో ఎంగెల్ నియమం అని చదువుకునేది అదే. 235 ఇళ్ల ఆదాయం, తిండి ఖర్చు ఉన్న డేటాని రోజర్ కోయెంకర్, గిల్బర్ట్ బాసెట్ 1982లో తమ పేపర్లో వాడారు. క్వాంటైల్ రిగ్రెషన్‌ని 1978లో ఇప్పుడున్న రూపంలో పెట్టింది కూడా వాళ్లిద్దరే. R లోని `quantreg` ప్యాకేజీలోనూ, పైథాన్ `statsmodels` లోనూ ఈ డేటా రెడీగా ఉంటుంది.

```python
import statsmodels.api as sm
import statsmodels.formula.api as smf

d = sm.datasets.engel.load_pandas().data
print(smf.ols("foodexp ~ income", d).fit().params)

m = smf.quantreg("foodexp ~ income", d)
for q in (0.05, 0.5, 0.95):
    print(q, m.fit(q=q).params.values)
```

ఇది నడిపితే నాలుగు గీతలు వస్తాయి. సగటు గీత 147.5 దగ్గర మొదలై, ఆదాయం ఒక ఫ్రాంక్ పెరిగితే తిండి ఖర్చు 0.485 పెరుగుతుందంటుంది. మీడియన్ గీత 81.5 దగ్గర మొదలై 0.560 వాలుతో వెళుతుంది. 5 శాతం గీత 124.9 నుంచి 0.343 వాలుతో, 95 శాతం గీత 64.1 నుంచి 0.709 వాలుతో.

ముందు చూడాల్సింది వాలుల తేడా. చెల్లాచెదురు అన్ని ఆదాయాల దగ్గరా ఒకేలా ఉంటే ఈ గీతలన్నీ రైలుపట్టాల్లా సమాంతరంగా ఉండేవి. ఇక్కడ విసనకర్రలా విచ్చుకున్నాయి. సగటు ఆదాయం, అంటే 982 ఫ్రాంకుల దగ్గర 5 శాతం గీత 462 చెబుతుంది, 95 శాతం గీత 761. మధ్య దూరం దాదాపు 300. ఆదాయం 2000 అయితే 812 నుంచి 1482 దాకా, దూరం 670. ఉన్నవాళ్లలో తిండికి ఎంత పెట్టాలన్నది ఎవరిష్టం వాళ్లది, లేనివాళ్లకి ఆ ఇష్టానికి చోటు తక్కువ. సగటు గీత ఒక్కటే గీసి చుట్టూ ఒకే వెడల్పు పట్టీ వేస్తే ఈ సంగతి కనపడదు. పేదల దగ్గర పట్టీ అనవసరంగా వెడల్పుగా, ఉన్నవాళ్ల దగ్గర ఇరుకుగా ఉంటుంది.

ఫైల్లో మొదటి ఇల్లు

ఫైల్లో మొదటి వరసలో ఉన్న ఇంటి ఆదాయం 420.16, తిండి ఖర్చు 255.84. ఈ ఒక్క ఇంటి మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే నాకు ఈ పద్ధతి నిజంగా ఎక్కింది ఇక్కడే.

సగటు గీత ఈ ఇంటికి 351 ఫ్రాంకులు అంటుంది. మీడియన్ గీత 317 అంటుంది. ఇంత ఆదాయం ఉన్న ఇంటికి 85 శాతం గీత చెప్పేది 337, 95 శాతం గీత చెప్పేది 362. అంటే ఇంత తక్కువ ఆదాయం దగ్గర "సగటు" అని మనం చెబుతున్న 351 నిజానికి 85కీ 95కీ మధ్యలో ఉంది! ఆ స్థాయి ఇళ్లలో పదింట ఎనిమిదికి పైగా సగటు గీత కింద ఉన్నట్టు. సగటు అన్న మాటకి మనం మనసులో ఇచ్చుకునే "మామూలుగా ఇంత" అన్న అర్థం ఇక్కడ అస్సలు పొసగదు. (ఈ ఇల్లు మాత్రం 5 శాతం గీత చెప్పే 269కి కూడా కిందే ఉంది. ఎలా బతికారో పాపం.)

ఎందుకిలా అయింది? గీత రెండో కొస చూడాలి. డేటాలో అందరికంటే ఎక్కువ ఆదాయం 4957.8, ఆ ఇంటి తిండి ఖర్చు 2032.7. సగటు గీత అక్కడ 2553 చెబుతుంది, అంటే ఆ ఇల్లు గీతకి 520 ఫ్రాంకులు కింద ఉంది. వర్గాల లెక్కలో 520 అంటే చాలా పెద్ద నొప్పి. ఆ నొప్పి తగ్గించుకోడానికి గీత కుడివైపు కిందకి వంగింది, కుడివైపు వంగితే ఎడమవైపు పైకి లేస్తుంది, తూగుడు బల్లలాగ. ఈ ఒక్క ఇంటిని తీసేసి సగటు గీత మళ్లీ వేస్తే వాలు 0.485 నుంచి దాదాపు 0.53కి వెళ్తుంది. 235 ఇళ్లలో ఒక్కటి! బ్రస్సెల్స్‌లోనో ఎక్కడో ఒక కుటుంబం పొదుపుగా తింటే పేద ఇంటి అంచనా మారిపోతోంది.

మీడియన్ గీతకి ఈ బెడద చాలా తక్కువ, కారణం కూడా తేటగా కనపడుతుంది. మీడియన్ గీత ఆ ఇంటికి 2859 చెబుతుంది, ఇల్లు దానికి కింద ఉంది. ఆ ఇంటి ఖర్చుని మీరు ఫైల్లో 2032.7 నుంచి 1032.7కి మార్చండి, లేదా 2700కి మార్చండి. గీతకి కిందే ఉన్నంతవరకూ మీడియన్ గీత ఒక్క వెంట్రుకవాసి కూడా కదలదు. ఎంత దూరంలో ఉంది అన్నది దానికి పట్టదు, పైన ఉందా కింద ఉందా అన్నదే పట్టించుకుంటుంది. అదే 1000 ఫ్రాంకులు తగ్గిస్తే సగటు గీత వాలు 0.42కి పడిపోతుంది. ఒక నిమిషం పని, చేసి చూడండి.

దీన్ని చూసి "క్వాంటైల్ రిగ్రెషన్‌కి అవుట్‌లయర్స్ అంటే లెక్కలేదు" అని రాసేవాళ్లున్నారు, అది సగం నిజం. తిండి ఖర్చు కాలమ్‌లో తప్పు పడితే తట్టుకుంటుంది. ఆదాయం కాలమ్‌లోనే తప్పు పడితే, అంటే 495ని 4950 అని ఎక్కిస్తే, ఆ పాయింట్ చాలా దూరంగా పోయి కూర్చుని ఏ గీతనైనా లాగగలదు. మా ఆఫీసులో దూరం కాలమ్‌లో మీటర్లు, కిలోమీటర్లు కలిసిపోయిన రోజు మీడియన్ మోడల్ కూడా సగటు మోడల్‌తో పాటే మునిగింది.

0.709ని ఎలా చదవాలి

ఇక్కడ జారిపడేవాళ్లు చాలామంది. 95 శాతం గీత వాలు 0.709 అంటే "డబ్బున్న ఇళ్లు అదనపు ఫ్రాంకులో 71 శాతం తిండికి పెడతాయి" అని కాదు. ఒకే ఆదాయం ఉన్న ఇళ్లని వరసగా నిలబెడితే, అందులో తిండికి బాగా ఖర్చుపెట్టే వాళ్ల హద్దు ఆదాయంతో పాటు ఎంత వేగంగా పైకి జరుగుతోందో చెప్పే నంబర్ అది. పై క్వాంటైల్ అంటే పై ఆదాయం కాదు. ఒక ఇంటి ఆదాయం పెరిగితే ఆ ఇల్లు అదే వరస స్థానంలో ఉంటుందన్న హామీ కూడా ఇందులో లేదు.

ఈ తికమక లోంచే ఇంకో తప్పు పుడుతుంది. మా టీమ్‌లో చురుకైన కుర్రాడొకడు, "అన్నా, ఇంత గొడవెందుకు, బాగా లేటయిన పది శాతం డెలివరీలు ఫిల్టర్ చేసి వాటి మీద మామూలు రిగ్రెషన్ వేస్తే పై తోక వచ్చేసినట్టేగా?" అన్నాడు. వేసి కూడా చూపించాడు. ఎంగెల్ డేటాలో అదే పని చేస్తే ఏమవుతుందో ఆలోచించండి: తిండికి ఎక్కువ ఖర్చుపెట్టిన ఇళ్లు తీసుకుంటే వచ్చేవి ఎక్కువగా డబ్బున్న ఇళ్లు. తక్కువ ఆదాయంలో కూడా ఎక్కువ ఖర్చుపెట్టిన ఇళ్లు ఆ ఫిల్టర్ దాటి లోపలికే రావు. పేద ఇళ్ల పై అంచు గురించి ఏమీ తెలియదు, మిగిలిన గీత వాలు కూడా చెడిపోతుంది. మా డేటాలో వాడికి మిగిలినవన్నీ దూరపు ఆర్డర్లు. దగ్గర ఆర్డర్ లేటవడం, అంటే కస్టమర్ అన్నిటికంటే ఎక్కువ కోపం తెచ్చుకునే కేసు, వాడి టేబుల్లో దాదాపు లేనే లేదు. క్వాంటైల్ రిగ్రెషన్ ఏ గీత వేసినా మొత్తం 235 ఇళ్లనీ వాడుతుంది, రేట్లే మారతాయి.

ఇంకో చిన్న మాట. `statsmodels` మీడియన్ గీతకి Pseudo R-squared అని 0.62 చూపిస్తుంది, సగటు గీతకి R² 0.83. ఈ రెండూ పక్కపక్కన పెట్టి సగటు మోడలే మెరుగు అని స్లైడ్ చేసిన మేనేజర్‌ని నేను చూశాను. R² వర్గాలతో కొలిచింది, Pseudo R-squared పిన్‌బాల్ లాస్‌తో కొలిచింది. కిలోలని లీటర్లతో పోల్చినట్టే.

గీతలు దాటుకుంటే

ఒక శనివారం రాత్రి మా గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పడింది. యాప్‌లో ఒక కస్టమర్‌కి "సాధారణంగా 52 నిమిషాలు, ఆలస్యమైతే 49 నిమిషాలు" అని వచ్చింది. కింద నవ్వుల ఎమోజీలు. మా మొహాలు మాత్రం మాడిపోయాయి.

ఒక్కో క్వాంటైల్‌కి ఒక్కో గీత విడిగా వేస్తాం, ఒకదానికొకటి సంబంధం ఉండదు, కాబట్టి అవి దాటుకోవచ్చు. ఎంగెల్ డేటాలోనే ఇది ఉంది. 35 శాతం గీత 105.84 + 0.4889 × ఆదాయం, 45 శాతం గీత 81.08 + 0.5524 × ఆదాయం. ఈ రెండూ ఆదాయం 390 దగ్గర కలుసుకుంటాయి. డేటాలో అతి తక్కువ ఆదాయం 377. అక్కడ 35 శాతం గీత 290.2 చెబుతుంది, 45 శాతం గీత 289.4. తక్కువ క్వాంటైల్ ఎక్కువ నంబర్ ఇచ్చింది! తేడా ఒక ఫ్రాంక్ కూడా లేదు, ఏ రిపోర్ట్‌లోనూ ఎవరూ పట్టుకోరు, కానీ తప్పు తప్పే.

ఇది ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పొచ్చు. ఇన్‌పుట్‌లన్నీ సగటు దగ్గర ఉన్నచోట వేసిన గీతలు దాటుకోవని నిరూపణ ఉంది. దాటుకునేది అంచుల్లోనే, పాయింట్లు పలచబడిన చోట. మా స్క్రీన్‌షాట్ కూడా అలాంటిదే: అర్ధరాత్రి, కొత్తగా కలిపిన ఏరియా, అంతకుముందు అక్కడికి వెళ్లిన ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మందు సులువే. ఒక ఆర్డర్‌కి వచ్చిన క్వాంటైల్ అంచనాలన్నిటినీ చిన్నదాన్నుంచి పెద్దదానికి సార్ట్ చేసి మళ్లీ పంచడమే. వినడానికి చీటింగ్‌లా ఉంటుంది కానీ చెర్నొజుకోవ్, ఫెర్నాండెజ్-వాల్, గాలిషో 2010లో ఇలా సార్ట్ చేస్తే అంచనా నిజానికి దగ్గరవుతుందే గానీ దూరం కాదని చూపించారు. అయినా సార్ట్ చేసేముందు ఎన్ని దాటుకుంటున్నాయో లెక్క రాసిపెట్టుకోండి. అవి ఎక్కువైతే గీత ఆకారమే డేటాకి నప్పడం లేదని అర్థం, సార్ట్ దాన్ని కప్పేస్తుంది.

తోక ఎంత పొడుగు

95 శాతం గీత పైన ఎన్ని ఇళ్లుంటాయి? లెక్కపెట్టక్కర్లేదు. మామూలుగా క్వాంటైల్ గీత రెండు పాయింట్ల మీదుగా కచ్చితంగా వెళ్తుంది (ఇంటర్సెప్ట్, వాలు, రెండు కోఎఫిషియెంట్లు కాబట్టి), మిగిలినవి τ నిష్పత్తిలో విడిపోతాయి. 235లో 95 శాతం 223.25, కాబట్టి గీత కింద 222 లేదా 223, గీత మీద 2, పైన 11 లేదా 10. అంటే పై అంచు ఎక్కడుందన్న తీర్పు చాలావరకూ ఓ పది ఇళ్ల చేతుల్లో ఉంది. 99 శాతం అడిగితే పైన ఉండేది రెండు ఇళ్లు, ఒక్కోసారి ఒకటే. అప్పుడు వచ్చేది మనం మొదట చూసిన ఐదు నంబర్ల కథే. సాఫ్ట్‌వేర్ మాత్రం నోరు మూసుకుని నాలుగు దశాంశాలతో జవాబిస్తుంది. ఇన్‌పుట్‌లు పెరిగితే ఇంకా కష్టం, ఇరవై కోఎఫిషియెంట్లుంటే ఇరవై పాయింట్లు గీత మీదే కూర్చుంటాయి.

గీత ఎంత నమ్మదగిందో చెప్పే హద్దుల విషయంలో కూడా జాగ్రత్త. మీడియన్ వాలు R లోనూ పైథాన్‌లోనూ అదే 0.560. హద్దులు మాత్రం `statsmodels` 0.534 నుంచి 0.586 అంటుంది, అది 95 శాతం నమ్మకంతో. `quantreg` మామూలుగా ఇచ్చేవి 0.487 నుంచి 0.602, అది 90 శాతం నమ్మకంతో. తక్కువ నమ్మకానికి హద్దులు ఇరుకవ్వాలి కదా, రెండింతలకి పైగా వెడల్పయ్యాయి! ఒకటి గీత దగ్గర పాయింట్లు ఎంత దట్టంగా ఉన్నాయో అంచనా వేసి లెక్క కడుతుంది, రెండోది ర్యాంకుల పరీక్షని తిరగేసి హద్దులు తీస్తుంది. పద్ధతి మారితే జవాబు ఇంత మారుతుంటే నేను బూట్‌స్ట్రాప్‌కే వెళ్తాను: ఇళ్లని జతలుగా, అంటే ఆదాయం, ఖర్చు విడదీయకుండా, మళ్లీ మళ్లీ ఎంచి వెయ్యిసార్లు గీత వేసి చూడటం. R లో `summary(f, se = "boot")`. తోకలో అయితే ఏ హద్దునీ పూర్తిగా నమ్మను.

అయినా 5 శాతం వాలు హద్దులు 0.27 నుంచి 0.42, 95 శాతం వాలువి 0.69 నుంచి 0.73. మధ్యలో ఇంత ఖాళీ ఉంటే పద్ధతి ఏదైనా తీర్పు మారదు. విసనకర్ర నిజమే.

మళ్లీ పార్సిళ్ల దగ్గరికి

ఇక మా మోడల్. ముందు వచ్చిన ప్రశ్న ఏ τ అని. అందరూ 0.9 అన్నారు, ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, రౌండ్‌గా ఉంది కాబట్టి. పిన్‌బాల్ లాస్‌ని తిరగేసి చదివితే జవాబు అందులోనే ఉంది: ఒక నిమిషం లేటు వల్ల పోయేది, ఒక నిమిషం ఎక్కువ చెప్పడం వల్ల పోయేదానికి ఎన్ని రెట్లు? నాలుగు రెట్లయితే τ అంటే 4/(4+1), 0.8. తొమ్మిది రెట్లయితే 0.9. ఎక్కువ టైమ్ చూపిస్తే ఆర్డర్ పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, లేటయితే రిఫండ్, కూపన్, అక్కకి ఫోన్. ఈ రెండు వైపుల ఖర్చులూ ఆపరేషన్స్ వాళ్లతో కూర్చుని ఓ మధ్యాహ్నం కాగితం మీద రాసుకుంటే వాళ్ల లెక్క నాలుగు రెట్ల దగ్గర తేలింది. 0.8కే వెళ్లాం. 0.9 పెట్టి ఉంటే యాప్‌లో టైమ్ చూసి జనం పారిపోయేవాళ్లని ఇప్పటికీ నా నమ్మకం.

రెండోది, మోడల్ బాగుందో లేదో ఎలా చూడాలి. ఇక్కడ RMSE, అంటే తేడాల వర్గాల సగటుకి వర్గమూలం, పనికిరాదు, అది సగటుకి కొలబద్ద. పక్కన పెట్టిన డేటాలో పిన్‌బాల్ లాస్ చూడాలి, దానికంటే ముందు ఓ చిన్న లెక్క చూడాలి: నిజమైన టైమ్ అంచనా లోపల పడినవి ఎంత శాతం? 0.8 అడిగితే 80కి దగ్గర్లో రావాలి.

ఈ చిన్న లెక్కే మమ్మల్ని ఓ పరువు తక్కువ పని నుంచి కాపాడింది. మొదట LightGBM వాడాం, అందులో `objective="quantile"` పెట్టి `alpha=0.8` అంటే 80 శాతం క్వాంటైల్. తర్వాత సింపుల్ మోడల్ కావాలని scikit-learn లోని `QuantileRegressor` కి మారిన కుర్రాడు (పైన చెప్పినవాడే) అలవాటు కొద్దీ అక్కడ కూడా `alpha=0.8` రాశాడు. అక్కడ `alpha` అంటే కోఎఫిషియెంట్లని కుదించే పెనాల్టీ! క్వాంటైల్‌కి `quantile` అని వేరే ఉంది, ఏమీ ఇవ్వకపోతే 0.5 తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, చక్కగా మోడల్ తయారవుతుంది. లోపల పడినవి చూస్తే సగమే ఉన్నాయి, సరిగ్గా మీడియన్‌లాగ. ఆ సగం అన్న నంబరే దొంగని పట్టించింది.

```python
from sklearn.linear_model import QuantileRegressor
f = QuantileRegressor(quantile=0.8, alpha=0).fit(X, y)
print((y_test <= f.predict(X_test)).mean())
```

`alpha=0` కూడా మర్చిపోకండి, ఏమీ ఇవ్వకపోతే అది 1.0 తీసుకుంటుంది.

మొత్తం మీద 80 వచ్చిందని సంబరపడటం కూడా తొందరే. ట్రైనింగ్ డేటాలో మొత్తం శాతం సరిపోవడం ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది, పైన 235 ఇళ్ల లెక్కలో చూశాం. ముక్కలు చేసి చూడాలి. ఎంగెల్ డేటాలో అయితే ఇళ్లని ఆదాయం ప్రకారం మూడు గుంపులు చేసి ఒక్కో గుంపులో 95 శాతం గీత పైన ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. పైన పడ్డవన్నీ ఒకే గుంపులో పోగైతే సరళరేఖ సరిపోవడం లేదన్నట్టు. మేం గంటలవారీగా, ఏరియాలవారీగా చూశాం. మధ్యాహ్నం అవసరానికి మించి సేఫ్‌గా ఉంది, సాయంత్రం ఆరు దాటాక మాట తప్పుతోంది, రెండూ కలిస్తే సరిగ్గా 80. మోడల్‌లో గంట అన్నది ఒకే సరళరేఖలా వెళ్లింది మరి. గంటలని గుంపులుగా విడగొట్టి, హబ్‌లో పెండింగ్ ఆర్డర్లతో కలిపాం. సాయంత్రం అంచనా పెరిగింది, మధ్యాహ్నం అంచనా తగ్గింది, కొన్ని ఏరియాల్లో ముందు చూపించిన సగటు కంటే కూడా తగ్గింది. ఆపరేషన్స్ వాళ్లు ఇది మాత్రం ఊహించలేదు.

వాన రోజులు ఇంకా తేలలేదు. వానని ఇన్‌పుట్‌గా పెట్టినా, గట్టి వాన పడిన సాయంత్రాలు మా డేటాలో కొన్నే, వాటి పై తోక ఇంకా కొన్నిటి మీదే నిలబడి ఉంది. అందుకని వాన పడితే మోడల్ చెప్పిన నంబర్ మీద చేత్తో కొన్ని నిమిషాలు కలిపే ఏర్పాటు పెట్టాం. ఎన్ని కలపాలో ఆ పూట కస్టమర్ కేర్ అక్క చెబుతుంది.